గోడరాతా, కరపత్రమా, సభా?

“అన్నా, మా పేటకి ఒక చానల్ పెడతన్నాం. యూట్యూబ్‌లో పెట్టమంటారా, ఇన్‌స్టాలో పెట్టమంటారా?”

వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు అడిగిన మాట ఇది. వాళ్లలో ఒకడు అప్పటికే తేల్చేసుకున్నాడు. “రీల్స్ అయితే బేగి ఎల్తాది. లచ్చ మంది సూస్తారు” అన్నాడు. రెండోవాడు ఒప్పుకోలేదు. “లచ్చ మంది సూస్తే మన కుళాయిలోకి నీళ్లొస్తాయేటి?” అన్నాడు.

ఈ రెండో కుర్రాడి ప్రశ్నే అసలు ప్రశ్న. చానల్ ఎక్కడ పెట్టాలి అన్నది తర్వాతి సంగతి. ఏం జరగాలని పెడుతున్నాం? అది జరగాలంటే ఎవరు చూడాలి? ముందు ఈ రెండూ కాగితం మీద రాసుకోవాలి. అవి రాయకుండా ఫోను తీసినవాళ్లు పది వీడియోలు పెట్టి, పదకొండోదానికి ఏం చెప్పాలో తెలీక ఆగిపోతున్నారు.

మనకి తెలిసిన పనితో పోల్చి చూద్దాం. ఉద్యమంలో మనం గోడ మీద రాస్తాం, కరపత్రం పంచుతాం, సభ పెడతాం. ఈ మూడూ ఒకటి కాదు. గోడరాత దారినపోయే ప్రతివాడి కంట్లో పడుతుంది. కానీ అందులో పట్టేది ఒక్క మాటే, వానొస్తే అదీ చెరిగిపోతుంది. కరపత్రం మనం ఎవరి చేతికిస్తే వాళ్లకే చేరుతుంది. సభకి తక్కువ మంది వస్తారు గానీ, వచ్చినవాళ్లు మొదటి నుంచి చివరిదాకా వింటారు. పొట్టి వీడియో గోడరాత లాంటిది. వాట్సాప్ కరపత్రం. యూట్యూబ్‌లో పెట్టే పది పదిహేను నిమిషాల వీడియో సభ. ఆ సభని పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా వెతుక్కుని వినొచ్చు. తేడా అంతా అక్కడే ఉంది.

పొట్టి వీడియో బలం ఎంతో పలాస వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. 2020 మార్చి 6న ‘పలాస 1978’ సినిమా విడుదలైంది. దర్శకుడు కరుణ కుమార్. జానపద కళనే బతుకుగా చేసుకున్న కుటుంబంలో పుట్టిన అన్నదమ్ముల కథ అది, పలాసలో కులం ఎలా నడిచిందో చెప్పిన కథ. రెండు వారాలు తిరక్కుండానే కరోనా వచ్చి థియేటర్లు మూతబడ్డాయి. అందులో ‘నక్కిలీసు గొలుసు’ పాట మాత్రం ఆగలేదు. దుర్గారావు దంపతులు ఆ పాటకి వేసిన అడుగులు ఫోన్లోంచి ఫోన్లోకి దూకి, పెళ్లి ఊరేగింపుల దాకా పోయాయి. మన శ్రీకాకుళం పాట రెండు రాష్ట్రాల్లో మోగింది.

మరి పాటతో పాటు కథ కూడా వెళ్లిందా? లేదు. చిందేసినవాళ్లలో చాలామందికి ఆ సినిమా ఏం చెప్పిందో తెలీదు. తప్పు వాళ్లది కాదు. అర నిమిషంలో పట్టేది చిందు. కులం కథ అర నిమిషంలో పట్టదు.

ఆ ఏడాదే ఇంకో పాఠం కూడా వచ్చింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. మన జిల్లాలోనూ కూలి పనికి పోయి వచ్చి సాయంత్రం వీడియో చేసుకునే ఆడామగా ఎంతమందో ఉండేవారు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న వీడియోలు, చూసే జనం ఒక్క దెబ్బతో పోయాయి. ఫోనులో అసలు వీడియో దాచుకున్నవాళ్లకి వీడియో అయినా మిగిలింది, దాచుకోనివాళ్లకి అదీ లేదు. ఏ కంపెనీ స్థలమైనా మనకి అద్దె కొంపే. యూట్యూబ్ కూడా అంతే. అందుకే ఎక్కడ పెట్టినా అసలు ఫైలు మన దగ్గర, ఒక హార్డ్‌డిస్కులో ఉండి తీరాలి.

ఇప్పుడు ఆ కుర్రాళ్ల పేట సంగతికి వద్దాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ ఆసుపత్రిని, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. పైపు ఊరికి వచ్చినంత మాత్రాన పేట చివరి కుళాయికి నీళ్లు వచ్చినట్టు కాదు. ఈ కుర్రాళ్లు అడిగేది అదే. తమ చివరి వీధికి వారంలో ఎన్ని రోజులు నీళ్లొస్తున్నాయో లోకానికి చూపాలంటున్నారు.

వీళ్లని చూడాల్సినవాళ్లెవరు? మొదట, పేటలో వాళ్లే. వీళ్లలో పెద్దవాళ్లు యూట్యూబ్‌లో వెతకరు, వాట్సాప్‌లో వచ్చింది నొక్కుతారు. రెండు, హైదరాబాద్, చెన్నై, విశాఖలో పనులకి పోయిన పేట పిల్లలు. వీళ్లు రాత్రి పడుకునే ముందు రీల్స్, షార్ట్స్ తిప్పుతారు. మూడు, నీటి సరఫరా ఇంజనీరు, కలెక్టరు, విలేఖరి, రేపు కేసు వేస్తే లాయరు. వీళ్లకి రీలు పనికిరాదు. తేదీతో, ఊరి పేరుతో, మొదటి నుంచి చివరిదాకా కోత లేకుండా చూపించే సాక్ష్యం కావాలి. కుళాయిలో నీళ్లు తెప్పించగలిగేది ఈ మూడో జట్టే. కాబట్టి ఈ పేటకి అసలు ఇల్లు యూట్యూబే. మిగతావి ఆ ఇంటికి దారులు.

అదే ఇంకో పేట వాళ్లొచ్చి, మా డప్పు దళానికి పక్క జిల్లాల నుంచి పిలుపులు రావాలి అంటే, మేం రీల్స్‌తో మొదలెట్టమనే చెప్తాం. అక్కడ ముక్కూ మొహం తెలీనివాడు చూడటమే పని. ఆటకి అర నిమిషం సరిపోతుంది. మా సంఘం మీటింగు కబురు అందరికీ చేరాలి, అంతే అంటే చానలే అక్కర్లేదు, వాట్సాప్ గ్రూపు చాలు. లక్ష్యం మారితే చోటు మారుతుంది.

పని ఎలా చేయాలి? యూట్యూబ్ ఖాతా తెరిచాక ఫోను నంబరుతో ధ్రువీకరణ చేయించాలి. అది చేయకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు. ఫోన్లో 1080 సైజులో తీస్తే నిమిషానికి 100 ఎంబీకి పైగా అవుతుంది. అంటే పది నిమిషాల వీడియో ఒక జీబీ దాటుతుంది. ఊరి సిగ్నల్‌తో అది ఎక్కడం కష్టం. 720లో తీస్తే చాలావరకు తగ్గుతుంది, కుళాయి చూపడానికి అది చాలు. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. పేరు పెట్టేటప్పుడు “అన్యాయం చూడండి” అని పెట్టొద్దు. ఊరు, మండలం, సమస్య, నెల, సంవత్సరం రాయాలి. విలేఖరి వెతికేది ఆ మాటల్నే.

తర్వాత అందులోంచే 40 సెకన్ల ముక్క తీసి, నిలువుగా కోసి, షార్ట్స్‌లోనూ రీల్స్‌లోనూ పెట్టాలి. షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, అయినా మూడు నిమిషాలు నింపాలని లేదు. ఆ ముక్కలో సినిమా పాట వేయొద్దు. హక్కుదారులు అడిగితే వీడియో తీసేస్తారు, లేదా నోరు నొక్కేస్తారు. మన పాటే వేద్దాం. పాడినామెని అడిగి, ఆమె పేరు వేసి వేద్దాం. చివరగా పూర్తి వీడియో లింకు వాట్సాప్‌లో పంపాలి. వీడియోనే పంపితే నాసిరకంగా నలిగిపోతుంది, ఎంతమంది చూశారో మనకి తెలీదు.

వాట్సాప్‌లో ఒక జాగ్రత్త. గ్రూపులో ప్రతివాడి నంబరూ ప్రతివాడికీ కనిపిస్తుంది. మన ఆడపిల్లల నంబర్లు ఊరి వాళ్లందరి చేతికీ ఎందుకివ్వాలి? బయటివాళ్లు కూడా ఉండే చోటైతే వాట్సాప్ చానల్ పెట్టుకోండి. అక్కడ నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చేవాళ్లకి ఇంకో మాట. 2025 ఫిబ్రవరి 19 నుంచి కొత్త లైవ్ వీడియోలు అక్కడ 30 రోజులే ఉంటున్నాయి. ధర్నా లైవ్ ఇచ్చి ఊరుకుంటే, నెల తిరిగేసరికి ధర్నా జరిగిన ఆనవాలే ఉండదు. ఆ లోపు దించుకోవాలి.

మనం చేసేది తగిలిందో లేదో ఎలా తెలుస్తుంది? ‘వ్యూస్’ అంకె చూసి మోసపోవద్దు. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వీడియో మొదలైతే చాలు, ఒక వ్యూ కింద లెక్క కడుతున్నారు. వేలు తగిలి దాటిపోయినవాడు కూడా చూసినట్టే. యూట్యూబ్ స్టూడియోలో రెండు అంకెలు చూడండి. ఒకటి, సగటున ఎంతసేపు చూశారన్నది. పది నిమిషాల వీడియోని ఒక్క నిమిషం చూసి పోతున్నారంటే మన మొదలు బాగోలేదు. నమస్కారాలు, దండలు తీసేసి కుళాయితోనే మొదలెట్టాలి. రెండు, జనం ఎక్కడి నుంచి వచ్చారన్నది. వాట్సాప్ నుంచి వస్తే మన కరపత్రం పని చేసింది. వెతుక్కుని వస్తే పేరు సరిగ్గా పెట్టాం.

డబ్బుల సంగతి దాచకుండా చెప్పుకుందాం. ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల చూపు కావాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి చూపులు కావాలి. మన వీడియోని మనిషి సగటున నాలుగు నిమిషాలు చూస్తాడనుకుందాం. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. అంటే ఏడాదిలో 60,000 సార్లు చూడాలి. షార్ట్స్ తిప్పుతూ చూసిన సమయం ఈ గంటల్లో కలవదు. ఒక్క పేట నీళ్ల చానల్‌కి ఇది దగ్గర్లో ఉన్న మాట కాదు. డబ్బు కోసం పరిగెత్తితే రెండో నెలలోనే కుళాయి పోయి కోతి చేష్టలు వస్తాయి.

మూడు కట్టుబాట్లు మాత్రం మొదటి రోజే పెట్టుకోవాలి. చానల్ ఒక్కడి ఫోనుకే కట్టి ఉండకూడదు. వాడు చెన్నై పోతే, లేదా ఎవరైనా వాడిని కొనేస్తే చానల్ పోతుంది. ఇద్దరు ముగ్గురికి అనుమతులిచ్చి, వాళ్లలో ఒక ఆడమనిషి ఉండేలా చూడాలి. డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషిని అడక్కుండా తీయకూడదు. అత్యాచారం జరిగినామె పేరు, ముఖం, ఇల్లు గుర్తుపట్టేలా చూపకూడదు, అది చట్టరీత్యా నేరం కూడా. తెలియనిది చెప్పకూడదు. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. మనం “ఈ నీళ్లే చంపాయి” అని అరిస్తే, ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా సాక్ష్యమంతా కొట్టిపారేస్తారు. “ఈ వారం మూడు రోజులు నీళ్లు రాలేదు” అనండి. దాన్ని ఎవడూ కాదనలేడు.

2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. ఆ రోజుల్లో మన చేతుల్లో వీడియో తీసే ఫోన్లు అరుదు. ఇవాళ ప్రతి ఇంటిలో ఉన్నాయి. తీసింది ఎక్కడ దాస్తున్నాం, ఎవరికి చూపిస్తున్నాం అన్నదే మిగిలిన ప్రశ్న.

కుర్రాళ్లు చివరికి ఒక మాట మీదకొచ్చారు. ప్రతి ఆదివారం పొద్దున అదే కుళాయి, అదే చోట నిలబడి, తేదీ చెప్పి తీస్తారు. పన్నెండు వారాలు. పన్నెండు వీడియోలూ ఒక వరసలో పెట్టి, ఆ లింకుతో అర్జీ రాసి, గ్రీవెన్స్ సోమవారం కలెక్టర్ ఆఫీసులో ఇస్తారు. రీల్స్ కావాలన్నవాడికి కూడా పని దొరికింది. 40 సెకన్ల ముక్కలు కోసేది వాడే.