నూటికి 58 పైసలు

పుట్టింటి స్థలం అమ్మగా అక్కచెల్లెళ్లిద్దరికీ చెరో 10 లక్షలు వచ్చాయి. ఇద్దరూ యాభైకి అటూ ఇటూ వయసువాళ్లు. డబ్బు చేతిలో ఉంటే కరిగిపోతుందని మర్నాడే కలిసి బ్యాంకుకు వెళ్లారు. ఐదేళ్లకు ఫిక్స్‌డ్ వేస్తామన్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఫారం తీస్తూ, ‘‘వడ్డీ నెలనెలా ఖాతాలో వేయమంటారా, చివర్లో అసలుతో కలిపి ఇవ్వమంటారా?’’ అని అడిగింది. నెలనెలా అంది అక్క. చివర్లో అంది చెల్లెలు. ఆ అమ్మాయి ఒక చీటీ మీద రెండు అంకెలు వేసి ఇచ్చింది. నెలనెలా అయితే 5,800. చివర్లో అయితే 14,14,778.

ఆటోలో వస్తూ అక్క వేళ్ల మీద లెక్క వేసుకుంది. అరవై నెలలకు అరవై 5,800లు, అంటే 3,48,000. చెల్లెలికి వచ్చే వడ్డీ 4,14,778. ‘‘ఒకే బ్యాంకు, ఒకే వడ్డీ, ఒకే ఐదేళ్లు. మరి అరవై ఆరు వేలు నాకెందుకు తక్కువ?’’ ఆ చీటీ మా దాకా వచ్చింది కనుక, ఈ పూట దాని గురించే నాలుగు మాటలు. వడ్డీ రేటు 7 శాతం. ఇప్పుడు ఏ బ్యాంకు ఎంత ఇస్తోందన్నది అలా ఉంచి, లెక్క వరకు దీన్నే పట్టుకుందాం.

మన ఊళ్లలో వడ్డీ మాట్లాడే తీరు వేరు. ఏడాదికి ఏడు శాతం అంటే తల ఊపి ఊరుకునేవాళ్లు కూడా ‘నూటికి నెలకు ఎంత?’ అంటే వెంటనే అందుకుంటారు. ఏడు రూపాయలను పన్నెండు నెలలకు పంచితే నూటికి 58 పైసలు, మీద మూడో వంతు పైసా. 10 లక్షల మీద 5,833 రూపాయలు రావాలి. బ్యాంకు ఇస్తానన్నది 5,800. ఆ 33 రూపాయలు ఏమైనట్టు?

బ్యాంకు ఎక్కడా కాజేయలేదు. డిపాజిట్ల మీద మన బ్యాంకులు వడ్డీ కట్టేది మూడు నెలలకోసారి. 10 లక్షలకు మూడు నెలల వడ్డీ 17,500. అది చేతికి రావలసింది మూడో నెల ఆఖరున. నెలనెలా కావాలంటే మొదటి వాయిదా రెండు నెలల ముందు, రెండోది ఒక నెల ముందు ఇస్తున్నట్టు. ముందు ఇచ్చిన దానికి ఆ మేరకు తగ్గించి ఇస్తారు. 5,800 చొప్పున మూడు వాయిదాలు 17,400 అయ్యాయనుకోండి. మొదటి 5,800 రెండు నెలలు, రెండో 5,800 ఒక నెల అదే 7 శాతానికి ఎక్కడైనా ఉంచితే ఇంకో వంద రూపాయలు పుడతాయి. సరిగ్గా 17,500. తగ్గించినట్టు కనిపించిన 33 రూపాయలు నిజానికి తూకం సరిచేయడానికే.

అక్క ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. బ్యాంకు లెక్కలో రెండు పద్ధతులూ సమానం. చెల్లెలి డిపాజిట్‌లో పుట్టిన వడ్డీ అక్కడే ఉండి, మూడు నెలలకోసారి అసలులో కలిసి, తానూ 7 శాతం సంపాదిస్తుంది. మన పెద్దల భాషలో అది చక్రవడ్డీ. అక్కది బారువడ్డీ. అక్క వడ్డీ ప్రతి నెలా ఇల్లు దాటి బయటకు వస్తుంది. బయటకు వచ్చాక ఎక్కడికి పోతుందన్నదే అసలు సంగతి.

అక్క ప్రతి నెలా ఆ 5,800 ముట్టుకోకుండా, ఐదేళ్లకే అదే 7 శాతానికి ఒక రికరింగ్ డిపాజిట్ తెరిచి అందులో పడేలా బ్యాంకుకు చెప్పిందనుకుందాం. ఐదేళ్ల తర్వాత ఆమె వడ్డీ కూడా, కొద్ది రూపాయలు అటూ ఇటూగా, 4,14,778కే చేరుతుంది. అరవై ఆరు వేల తేడా మాయమవుతుంది. అదే డబ్బు పొదుపు ఖాతాలోనే పడి ఉంటే? పెద్ద బ్యాంకుల్లో చాలావాటిలో పొదుపు ఖాతా వడ్డీ ఇప్పుడు 2.5 శాతం. ఐదేళ్లకు వడ్డీ అంతా కలిపి 3 లక్షల 70 వేలు దాటి కొంచెం. చెల్లెలి కంటే దాదాపు 44,500 తక్కువ. అక్కచెల్లెళ్ల మధ్య నిజంగా తేల్చుకోవలసిన అంకె ఇదే గానీ అరవై ఆరు వేలు కాదు.

పొదుపు ఖాతాలో అది అలా పడి ఉంటుందని మాత్రం ఎవరు చెప్పగలరు? నెలనెలా వచ్చే వడ్డీ గుణం వేరు. పాస్‌బుక్కులో ఆ వరుస పడగానే ఫోన్ మోగుతుంది, దాని పక్కనే కరెంటు బిల్లు, గ్యాసు బండ, మేనల్లుడి పుట్టినరోజు వరసగా నిలబడతాయి. అయితే ఖర్చైన వడ్డీని నష్టం కింద రాయడం మాకు సమ్మతం కాదు. అక్క కూతురు పట్నంలో చదువుతోంది, హాస్టలుకు నెలకు మూడు వేలు కావాలి. ఆ మూడు వేలు వడ్డీలోంచి రాకపోతే చేబదులు చేయాలి. తెలిసిన చోటే అయినా నూటికి రెండు రూపాయలకు తక్కువ పుట్టదు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఇక్కడ 7 శాతం చక్రవడ్డీ తిప్పుకుంటూ అక్కడ 24 శాతం కట్టేవాళ్లు మన చుట్టూ తక్కువేం లేరు.

ఒక చిన్న పక్కదారి. కొన్ని సంస్థల ప్రకటనల్లో 7 శాతం పక్కనే ‘రాబడి 8.3 శాతం’ అని ఇంకా లావుపాటి అక్షరాల్లో కనిపిస్తుంది. ఐదేళ్ల మొత్తం వడ్డీ 4,14,778ని ఐదుతో భాగిస్తే ఏడాదికి 82,956. అసలు మీద 8.3 శాతం. అంకె అబద్ధం కాదు. కాకపోతే అది చక్రవడ్డీని బారువడ్డీ వేషంలో చూపించడం. అదే డిపాజిట్ పదేళ్లకైతే ఈ ‘రాబడి’ పది శాతం దాటిపోతుంది, వడ్డీ రేటు మాత్రం ఆ ఏడే. ఒక పథకాన్ని ఇంకోదానితో పోల్చేటప్పుడు వడ్డీ రేటును వడ్డీ రేటుతోనే పోల్చాలి.

ఇక చెల్లెలి వైపు. ఆమె చీటీ మీద ఉన్న 14,14,778 నిజంగా ఆమె చేతికి వస్తుందా? చాలామంది విషయంలో రాదు, గడువు తీరిన రోజున కౌంటర్ దగ్గర గొడవ మొదలయ్యేది ఇక్కడే. వడ్డీ చివర్లో తీసుకుంటాం కనుక పన్ను కూడా చివర్లోనే అనుకుంటారు. బ్యాంకు అలా అనుకోదు. చేతికి ఇవ్వకపోయినా ఆ ఏడాది జమైన వడ్డీని లెక్కగడుతుంది. అరవై ఏళ్లలోపు వారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, పెద్దవారికైతే లక్ష దాటితే, మూలంలోనే పన్ను కోస్తుంది. పాన్ ఇచ్చి ఉంటే నూటికి పది. చెల్లెలికి మొదటి ఏడాదే దాదాపు 71,859 జమవుతుంది, కోత తప్పదు. నెలనెలా తీసుకునే అక్కకూ ఏడాదికి 69,600 వస్తుంది, కోత ఆమెకూ ఉంది. కానీ అక్క కోతను వెంటనే చూస్తుంది, ఖాతాలో పడేది తగ్గుతుంది కనుక. చెల్లెలిది డిపాజిట్‌లోంచే నిశ్శబ్దంగా పోతుంది. పోయిన ఆ డబ్బు మీద రావలసిన చక్రవడ్డీ కూడా ఆగిపోతుంది. ఐదేళ్లూ ఇలా సాగితే చివరికి చేతికందేది సుమారు 13 లక్షల 68 వేలు. బాండు మీద అచ్చువేసిన అంకెకు 46 వేలకు పైగా తక్కువ.

ఇందులో దాదాపు 41 వేలు ఆమె పేరున ప్రభుత్వానికి కట్టిన పన్ను. ఆమె మొత్తం ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. చిక్కల్లా ఏ ఏటి కోతకు ఆ ఏడే రిటర్ను వేయాలి. ఐదేళ్ల తర్వాత బాండు పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగేది పాత సంవత్సరాల రిటర్నుల గురించే. వడ్డీ మొత్తాన్ని ఆఖరి ఏడాది ఒక్కసారిగా చూపిద్దామంటే నాలుగు లక్షలు ఒకే ఏడాది నెత్తిన పడి పై శ్లాబులోకి నెట్టవచ్చు, పాత కోతలతో లెక్క పొసగకపోవచ్చు. ఏటా ఏప్రిల్, మే నెలల్లో బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ అడిగి తీసుకోవడం, దాన్ని 26ఏఎస్‌తో సరిచూసుకోవడం అరగంట పని. పన్ను పడని ఆదాయమైతే ఏడాది మొదట్లోనే ఆ మాట రాసిచ్చే ఫారం ఒకటుంది. ఒకసారి ఇస్తే ఐదేళ్లకూ సరిపోదు, ఏటా ఇవ్వాలి.

ఇంకో ముప్పు మధ్యలో విరగ్గొట్టడం. రెండున్నరేళ్లకు చెల్లెలికి అవసరం పడిందనుకుందాం. అప్పుడు ఆమెకు ఒప్పుకున్న 7 శాతం ఇవ్వరు. డిపాజిట్ వేసిన రోజున రెండున్నరేళ్ల కాలానికి ఉన్న రేటు తీసి, అందులోంచి జరిమానా కోస్తారు. ఆ రేటు 6.5 శాతమై, జరిమానా ఒక శాతమైతే మిగిలేది 5.5. చేతికి 11,89,000 రావలసిన చోట 11,46,000 వస్తుంది. ఐదేళ్లు ఓపిక పట్టి పొదుపు ఖాతా మీద సంపాదించేదెంతో, సగం దారిలో పోయేదీ ఇంచుమించు అంతే. అక్క విరగ్గొడితే అది ఇంకా వింతగా ఉంటుంది. అప్పటిదాకా 7 శాతం లెక్కన ఇచ్చిన వడ్డీలో ఎక్కువైన 37 వేలను అసలులోంచే పట్టుకుంటారు. వేసిన 10 లక్షలు కూడా నిండుగా రాలేదేమని ఆమె నిలదీస్తుంది. రెండు మూడు నెలల సర్దుబాటుకైతే విరగ్గొట్టడం కన్నా డిపాజిట్ మీదే అప్పు తీసుకోవడం మేలు. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం పైనే ఇస్తారు.

వడ్డీ రేట్ల పోకడ మాట కూడా ఒకటి. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. ఇలాంటి కాలంలో చెల్లెలి వడ్డీకి పుట్టే వడ్డీకి కూడా మొదటి రోజు రేటే కట్టుబడి ఉంటుంది. నెలవడ్డీని పోగేసి ఏడాదికోసారి కొత్త డిపాజిట్ వేసుకునేవారికి ఆ రక్షణ లేదు. రేట్లు పెరిగే కాలంలో ఇదే తారుమారవుతుంది.

నాలుగు రోజుల తర్వాత అక్క మళ్లీ బ్యాంకుకు వెళ్లింది. ఆమె చేతిలో ఈసారి ఆమే రాసుకున్న చీటీ ఉంది. హాస్టలుకు నెలకు మూడు వేలు చాలు. 5,20,000 నెలవడ్డీకి వేస్తే నెలకు 3,016 వస్తుంది. మిగిలిన 4,80,000 చివర్లో తీసుకునేదానికి వేస్తే ఐదేళ్లకు, కోతలు పోకముందు, 6,79,000 అవుతుంది. మధ్యలో గట్టి అవసరం వచ్చినా రెండిట్లో ఒకటే విరగ్గొట్టవచ్చు.

‘‘రెండు ఫారాలు నింపాలమ్మా, సంతకాలు కూడా రెండేసి చోట్ల,’’ అంది కౌంటర్ అమ్మాయి, వెనక పెరుగుతున్న వరుసను చూస్తూ.

‘‘నింపుతా. పెన్ను ఉంటే ఇలా ఇవ్వు తల్లీ.’’