పిల్లి ఈనలేకపోతే ఎదురుచూపూ వద్దు, మందుల షాపు ఇంజక్షనూ వద్దు

పిల్లి ఈనే చోటికి మనిషి పోరాదని, దానికదే ఈనుకుంటుందని మన ఇళ్లలో ఒక నమ్మకం బలంగా నాటుకొని ఉన్నది. ఇందులో సగం నిజమున్నది. అత్యధిక సందర్భాలలో పిల్లి ఎవరి సాయమూ లేకుండానే ఈనుతుంది. చుట్టూ జనం చేరి గోల చేస్తే నొప్పులు ఆగిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. కానీ ఆ సగం నిజాన్ని పట్టుకొని, కూన అడ్డంపడి తల్లి రాత్రంతా ముక్కుతున్నా "తెల్లారాక చూద్దాంలే" అని తలుపు దగ్గరికి వేసి నిద్రపోవడాన్ని నేను అంగీకరించలేను. అంతకంటే ప్రమాదకరమైన అలవాటు మరొకటి ఉన్నది. పిల్లి ఈనలేకపోతున్నదని తెలియగానే మందుల షాపుకు పరుగెత్తి "నొప్పుల ఇంజక్షన్" తెచ్చి పొడిపించడం. ఈ రెండింటినీ ఖండించడానికే ఈ వ్యాసం.

నేను మనుషులకు వైద్యం చేసినవాణ్ణి, పశువైద్యం నా వృత్తి కాదు. అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పులు చేసిన ఏ వైద్యుడికైనా ఒక సూత్రం ఎముకల్లో ఇంకి ఉంటుంది. నొప్పులు ఎంత గట్టిగా వస్తున్నాయన్నది కాదు, ఆ నొప్పులకు ఫలితం కనబడుతున్నదా లేదా అన్నదే ప్రశ్న. గడియారం చూడకుండా కాన్పును అంచనా వేయలేము. పిల్లి విషయంలోనూ అంతే, కాకపోతే గడియారం మరింత వేగంగా తిరుగుతుంది.

ముందుగా సహజమైన ప్రసవం ఎలా ఉంటుందో తెలియాలి. పిల్లి చూలు సుమారు 63 నుంచి 65 రోజులు. దగ్గరపడే రోజున అది తిండి మానుతుంది, మూలలు వెతుక్కుంటుంది, గుడ్డలు గీరుతుంది, పదేపదే పొట్ట కింద నాకుకుంటుంది. కొన్ని మనిషిని వదలక వెంట తిరుగుతాయి, కొన్ని అటక ఎక్కి దాక్కుంటాయి. ఈ దశ కొన్ని గంటలు సాగుతుంది, తొలిచూలు పిల్లిలో ఒక రోజంతా కూడా పట్టవచ్చు. ఇక్కడ తొందరపడవలసిన పని లేదు. ఈ దశలో గర్భాశయ ముఖద్వారం తెరుచుకుంటూ ఉంటుందే గాని పిల్లి ఇంకా ముక్కదు.

గడియారం మొదలయ్యేది ముక్కడం మొదలైనప్పుడు. పొట్ట కండరాలు స్పష్టంగా బిగుసుకుంటాయి, వెనుక కాళ్లు దేనికో తన్నిపెట్టినట్లు చాస్తుంది, ఒళ్లంతా కూడదీసుకొని ముక్కుతుంది. ఆ సమయాన్ని కాగితం మీద రాసుకోవాలి. ఇలా బలంగా, ఆగకుండా ముక్కడం 20 నుంచి 30 నిమిషాలు సాగినా కూన బయటకు రాకపోతే పశువైద్యుడికి ఫోను చేయవలసిన సమయం వచ్చేసినట్లే. గంట ఆగి చూద్దామనుకోవద్దు. కూనలో ఏదైనా భాగం, ముక్కో తోకో కాలో, లేదా నీటి సంచో బయట కనబడుతూ 10 నిమిషాలైనా ముందుకు కదలకపోతే అది ఇంకా అత్యవసరం. వెనుక కాళ్లు ముందుగా రావడం మాత్రం పిల్లులలో మామూలే, దాన్ని చూసి హడలిపోనక్కరలేదు. ప్రమాదం కాళ్లు లోపలికి మడుచుకొని ఉండి తోక, పిరుదులు మాత్రమే ముందుకు వచ్చినప్పుడు.

ఒక కూనకూ మరో కూనకూ మధ్య వచ్చే విరామం దగ్గరే చాలామంది పొరపడతారు. సాధారణంగా అది పది నిమిషాల నుంచి గంట వరకు ఉంటుంది. అయితే పిల్లికి ఒక విచిత్రమైన శక్తి ఉన్నది. ఒకటి రెండు కూనలను ఈని, హాయిగా పడుకొని, వాటికి పాలిచ్చి, పాలో అన్నమో తిని, మరునాడు మిగిలినవి ఈనగలదు. ఆ విరామం 24 గంటలు, ఒక్కోసారి 36 గంటల వరకు ఉండవచ్చు. ఈ సంగతి విన్నవారు ప్రతి ఆలస్యానికీ దీన్నే సాకుగా చూపుతున్నారు. తేడా తల్లి వాలకంలోనే ఉన్నది. ప్రశాంతంగా, కూనలను నాకుతూ, ముక్కకుండా ఉన్న తల్లి విశ్రాంతి తీసుకుంటున్నది. ఒక పక్కకు వాలిపోయి, పుట్టిన కూనలను పట్టించుకోక, నోరు తెరిచి రొప్పుతూ, అప్పుడప్పుడూ నీరసంగా ముక్కుతున్న తల్లి అలసి ఓడిపోతున్నది. దీన్ని కూడా విశ్రాంతి అనుకుంటే ప్రాణం పోతుంది. లోపల ఇంకా కూనలున్నాయని తెలిసినప్పుడు, తల్లి బాగానే కనబడుతున్నా, రెండు మూడు గంటలు దాటితే ఫోనులోనైనా వైద్యుడికి చెప్పి ఉంచడం మంచిది.

గురక గురించి ఒక మాట. పిల్లి గురగురమంటున్నది గనుక సుఖంగానే ఉన్నదని అంటారు. పిల్లి నొప్పిలోనూ గురగురమంటుంది. ఆ చప్పుడును ప్రమాణంగా తీసుకోవద్దు.

ఇక స్రావం. కూన పుట్టిన తరువాత మాయతోపాటు ముదురు రంగు ద్రవం రావడం సహజం. ఒక్క కూనైనా పుట్టకముందే ముదురు గోధుమ రంగులోనో ఆకుపచ్చగానో స్రావం కనబడిందంటే లోపల మాయ విడిపోతున్నదని అర్థం. మాయ విడిపోయిన కూనకు ప్రాణవాయువు అందదు. ఎర్రటి పచ్చి నెత్తురు ధారగా 10 నిమిషాలకు మించి కారినా, దుర్వాసన వచ్చినా, పిల్లి ముక్కినా ముక్కకపోయినా, ఆ క్షణమే బయలుదేరాలి.

నేను దగ్గరుండి చూసిన ఒక సందర్భాన్ని చెబుతాను. మా వీధిలో ఒక ఇంటి పిల్లి, తొలిచూలు, 64వ రోజు. సాయంత్రం నుంచి బీరువా కింద మసలుతున్నది. రాత్రి 10 గంటల 10 నిమిషాలకు గట్టిగా ముక్కడం మొదలుపెట్టింది. ఆ ఇంటి అమ్మాయి కాలేజీ విద్యార్థిని, సమయం రాసి పెట్టింది. 10.40కి కూన రాలేదు, గోధుమ రంగు స్రావం మాత్రం వచ్చింది. ఈలోగా ఆమె మేనమామ మందుల షాపు నుంచి ఆక్సిటోసిన్ ఆంపూల్, సిరంజి తెచ్చి, "డాక్టరుగారూ, మీరైతే సరిగా వేస్తారు" అని నన్ను పిలిపించారు. నేను వేయనన్నాను. ఆయనకు నా మీద కోపం వచ్చింది. "ఆడవాళ్లకు వేసే ఇంజక్షనే కదండీ" అన్నారు. ఆడవాళ్లకు కూడా బిడ్డ అడ్డుపడి ఉన్నదో లేదో చూడకుండా వేయమని చెప్పాను. అమ్మాయి పశువైద్యుడికి ఫోను చేసింది. ఆయన అడిగినవి నాలుగే: ఎన్నో రోజు, ముక్కడం ఎప్పుడు మొదలైంది, ఏ రంగు స్రావం, ఇంతకుముందు దెబ్బలేమైనా తగిలాయా. చివరి ప్రశ్నకు ఆ పిల్ల తడబడింది. ఏడాది క్రితం స్కూటరు గుద్ది కొన్నాళ్లు కుంటిందట, తానే కోలుకున్నదట. "వెంటనే తీసుకురండి" అన్నారాయన.

ఎక్స్‌రేలో కటి ఎముక పాత విరుగుడు వంకరగా అతుక్కొని దారి ఇరుకైపోయినట్లు కనబడింది. లోపల నాలుగు కూనలు. అర్ధరాత్రి దాటాక సిజేరియన్ చేశారు. ముందున్న కూన అప్పటికే చనిపోయింది, మిగిలిన మూడూ, తల్లీ దక్కాయి. మళ్లీ చూలు నిలవకుండా అదే ఆపరేషన్‌లో గర్భసంచి కూడా తీసేశారు.

ఇప్పుడు ఆ ఇంజక్షన్ వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆక్సిటోసిన్ గర్భసంచిని బిగింపజేస్తుంది. దారి మూసుకుపోయి ఉండగా వెనుక నుంచి బలంగా తోస్తే కూన బయటకు రాదు, గర్భసంచి చిరుగుతుంది. చిరగకపోయినా, విడుపు లేని బిగింపు వల్ల మాయకు రక్తం అందక లోపలున్న కూనలన్నీ ఊపిరాడక చనిపోతాయి. పశువైద్యులు కూడా ఈ మందు వాడతారు. కానీ దారి బాగుందని, కూన సరిగా ఉన్నదని నిర్ధారించుకొని, గర్భసంచి బలహీనపడినప్పుడు మాత్రమే, అదీ సుమారు ఒక యూనిట్ లేదా అంతకంటే తక్కువతో మొదలుపెడతారు. చాలాసార్లు దానితోపాటు కాల్షియం కూడా అవసరమవుతుంది. మనుషుల ఆంపూల్‌లో ఒక మిల్లీలీటరుకు 5 యూనిట్లు ఉంటాయి. మూడు కిలోల జీవికి ఆంపూల్ మొత్తం ఎక్కించడాన్ని ఏమనాలో మీరే చెప్పండి. పాలు చేపించడానికి గేదెలకు ఈ మందును ఇష్టారాజ్యంగా పొడవడం అలవాటైన సమాజం మనది. 2018లో కేంద్ర ప్రభుత్వం దాని తయారీని ప్రైవేటు కంపెనీలకు నిషేధించబోగా ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కాన్పు తరువాత తల్లుల రక్తస్రావాన్ని ఆపే ప్రాణాధార మందు గనుక అది దొరకకూడదని నేనూ అనను. చీటీ లేకుండా కౌంటరు మీద చేతికిచ్చే షాపుతోనే నా తగవు. అన్నట్లు, నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ మాత్ర అరిగించి పోసేవాళ్లు కూడా ఉన్నారు. పిల్లికి అది విషం, ఒక్క మాత్రతోనే చావవచ్చు.

చేతితో లాగడం కూడా ఇటువంటిదే. బయట కనబడిన కాలినో తోకనో పట్టి లాగితే అది తెగవచ్చు, తల్లికి లోపల గాయమవుతుంది. మీరు చేయదగినది ఒకటున్నది. పుట్టిన కూన చుట్టూ ఉన్న పొరను తల్లి వెంటనే చింపకపోతే మీరు చింపి, మెత్తని గుడ్డతో ముక్కూ నోరూ తుడిచి, ఒళ్లు రుద్దండి.

"అర్ధరాత్రి పశువైద్యుడెక్కడ దొరుకుతాడండీ?" అన్నది న్యాయమైన ప్రశ్నే. మన పట్టణాలలో ప్రభుత్వ పశువైద్యశాలలు చాలామటుకు పగటివేళకే పరిమితం. 1962 నంబరు సంచార వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పడ్డవి. రాత్రి సేవలు కావాలని మనం గట్టిగా అడగవలసిందే. కానీ ఆ రాత్రికి మీ పిల్లిని అది కాపాడదు. అందుకే 55వ రోజు దాటాక ఒకసారి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి, కూనల లెక్క తెలుస్తుంది. సిజేరియన్ చేసేవారెవరో, రాత్రి ఫోను ఎత్తేవారెవరో అప్పుడే అడిగి రెండు నంబర్లు గోడ మీద రాసుకోండి. పర్షియన్ వంటి చప్పిడి ముఖం పిల్లులకు, ఎప్పుడైనా వాహనం గుద్దిన పిల్లులకు ఇది తప్పనిసరి. ముక్కడమే మొదలవకుండా 68 రోజులు దాటితే ఆ రోజే చూపించండి.

బయలుదేరేటప్పుడు పిల్లిని గాలి ఆడే బుట్టలో పాత దుప్పటి పరిచి పెట్టండి. పుట్టిన కూనలుంటే వాటిని వేరే చిన్న పెట్టెలో, గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన ఉంచి వెంట తీసుకెళ్లండి. సమయాలు రాసిన ఆ కాగితం మరచిపోవద్దు. వైద్యుడు మొదట అడిగేది అదే.