సంచి మార్చి ఇస్తే సరిపోదు, లాట్ సంగతి చెప్పాలి

విత్తనం మొలవకపోతే మనం చేసే పని ఒకటే. సంచి బండి మీద వేసుకుని దుకాణానికి వెళ్లి గట్టిగా అడుగుతాం. డీలరు రెండు సంచులు మార్చి ఇస్తాడు, లేదంటే "మీరు మండె సరిగా కట్టలేదు" అని పంపేస్తాడు. ఏది జరిగినా అదే లాట్‌లోని మిగతా సంచులు పక్క ఊరికి వెళుతూనే ఉంటాయి.

ఫ్యాక్టరీల వాళ్లు ఇలా చేయరు. తమకు వచ్చిన సరుకు బాగోలేకపోతే సరఫరాదారుకు దిద్దుబాటు చర్య కోరుతూ లేఖ రాస్తారు. సరుకు ఎలా ఉండాలి, ఎలా ఉంది, రుజువేమిటి, ఏ తేదీలోగా జవాబు కావాలి అన్నవి అందులో ఉంటాయి. డబ్బు పెట్టి కొనే రైతు కూడా అదే రాయాలని మా అభిప్రాయం. ఈ సార్వాలో తాడేపల్లిగూడెం వైపు ఒక ఊరి రైతుల కోసం మేము అలాగే రాశాం. కంపెనీ పేరు ఇక్కడ వేయడం లేదు, విషయం ఇంకా తేలలేదు.

జూన్ 6న మండె విప్పితే సగానికి దగ్గరగా గింజ ముక్కు పగల్లేదు. ఇంకా కుట్టు విప్పని సంచులు మూడు ఉన్నాయి. ఒకదాన్ని ఊరి పెద్దల ముందు విప్పి, తడి గోనెల్లో నూరేసి గింజలు నాలుగు వరుసలుగా పెట్టించాం. ఐదో రోజుకు 61, 57, 63, 59 మొలిచాయి. అంటే 400కి 240, నూటికి 60. ధ్రువీకరించిన వరి విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక 80 శాతం. ల్యాబ్ వాళ్లు ఐదో రోజు ఒకసారి, 14వ రోజు ఆఖరిసారి లెక్కపెడతారు. నారుమడికి అంత గడువు లేదు కాబట్టి మా లెక్క తొలి రుజువే, తీర్పు కాదు. లేఖలో కూడా ఆ మాటే రాశాం.

కంపెనీ చెప్పబోయే సాకు మాకు ముందే తెలుసు. "దాళ్వాలో కోసిన విత్తనం, నిద్రావస్థలో ఉంది" అంటారు. అది ఒట్టి మాట కాదు, కొత్త విత్తనం కొన్ని వారాలు మొలవకపోవడం నిజమే. అందుకే మరో నూరు గింజలను లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపిన నీటిలో 24 గంటలు నానబెట్టి, కడిగి, మండె కట్టించాం. 62 మొలిచాయి. నిద్ర అయితే లేవాలి కదా! ఈ ఒక్క పరీక్షతో వాదన సగం తగ్గింది.

లేఖ జూన్ 12న వెళ్లింది. రకం, లాట్ నంబరు, ట్యాగు మీద ఉన్న పరీక్ష తేదీ, బిల్లు నంబరు, సంచుల లెక్క రాసి, ట్యాగుల ఫొటోలు, సాక్షుల సంతకాలు జతచేశాం. రెండు తేదీలు పెట్టాం. మంచి విత్తనం జూన్ 16లోగా ఇవ్వాలి. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. వాళ్ల చేలు కొల్లేటి వైపు పల్లపు చేలు. నారు పది రోజులు వెనకబడితే బుడమేరు, తమ్మిలేరు పొంగి నీళ్లు దిగే నాటికి నాటు ఇంకా పసిగా ఉంటుంది, మునిగితే తేలదు. జూన్ 30లోగా కారణం చెప్పాలి. ఆ లాట్ ఏ గోదాములో ఉంది, తేమ 13 శాతం దాటిందా, ఏ ఏ డీలర్లకు వెళ్లింది, అమ్మకం ఆపారా అని అడిగాం.

15న సంచులు వచ్చాయి. 30న కారణం రాలేదు. సంచి ఇవ్వడం వాళ్లకు తేలిక, లాట్ చెడిందని కాగితం మీద ఒప్పుకోవడమే కష్టం. 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల వరకే పెట్టారు. ఒక సంచి ధర కూడా రాని జరిమానాకు ఎవరు భయపడతారు? దానికి బదులు లాట్ మొత్తం వెనక్కి తీసుకోవాల్సి వస్తుందన్న భయమే పని చేస్తుంది.

గడువు దాటగానే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చాం. రైతు అలా ఫిర్యాదు ఇస్తే విత్తన ఇన్‌స్పెక్టరు ట్యాగులు, ఖాళీ సంచులు, మిగిలిన విత్తనం స్వాధీనం చేసుకుని, లాట్ నమూనాను ల్యాబ్‌కు పంపి కారణం విచారించాలని విత్తన నిబంధనల్లో 23ఎ చెబుతోంది. విప్పని రెండు సంచులు దాచింది అందుకే. మొత్తం చల్లేసిన వాళ్లు కూడా నిరాశపడనక్కర్లేదు. మన రాష్ట్ర రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2012లో, రైతు వినియోగదారుడేననీ, పరీక్షకు విత్తనం దాచి ఉంచాలని అతని నుంచి ఆశించలేమనీ చెప్పింది. నష్టం కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది.

నమూనా ల్యాబ్‌కు వెళ్లింది. మన ప్రాంతంలో ఈ సార్వాకు కొన్న విత్తనం మొలవనివాళ్లు ఎవరైనా ఉంటే ట్యాగు, బిల్లు, ఖాళీ సంచి పారేయకుండా సంఘం ఆఫీసుకు తీసుకురండి. లాట్ నంబర్లు కలిస్తే అందరి పేరుతో రెండో లేఖ రాస్తాం.