వీసా ఆలస్యమైతే వ్రాయవలసిన జాబు

అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చిన పిల్లలున్న ఇళ్ళల్లో జూలై, ఆగస్టు నెలలు ఎట్లా గడుస్తాయో వేరే చెప్పనక్కరలేదు. ఇంటర్వ్యూ అయింది. ఆఫీసరు కాదనలేదు, అవుననీ అనలేదు. చేతిలో ఒక కాగితం పెట్టి పంపారు. దాని మీద 221(జి) అని ఉంటుంది. ఇంకా కొన్ని వివరాలు కావాలనో, పరిశీలన పూర్తికాలేదనో దాని అర్థం. అది కొద్ది రోజుల్లో తేలవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఇంతలో క్లాసులు మొదలయ్యే రోజు దగ్గర పడుతుంది.

ఈ దశలో చాలామంది, "వీసా చేతికొచ్చాక వ్రాద్దాంలే" అని ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. యూనివర్సిటీ పంపిన ఐ-20 పత్రంలో చదువు మొదలయ్యే తేదీ ఒకటి ఉంటుంది. అది దాటాక పాత పత్రంతోనే దిగితే, అక్కడి విమానాశ్రయంలో అధికారి వెనక్కి పంపించవచ్చు. ఆ తేదీని మార్చగలిగింది యూనివర్సిటీ ఒక్కటే. అందుచేత జాబు ఆ తేదీకి ముందే వెళ్ళాలి.

జాబు ఎవరికి? ఇద్దరికి. ఆలస్యంగా వచ్చినా క్లాసులో కూర్చోనిచ్చేదీ లేనిదీ డిపార్టుమెంటు చెబుతుంది. ఐ-20 మార్చేది మాత్రం విదేశీ విద్యార్థుల ఆఫీసు. ఒకరికి వ్రాసి రెండోవారికి వ్రాయకపోతే పని సగంలో ఆగుతుంది. ఒకే జాబు ఇద్దరికీ పంపడం మంచిది.

ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరు అమ్మాయి ఒకతె ఆగస్టు 18న చేరాలి. ఆగస్టు 4న ఇట్లా వ్రాసింది:

"అయ్యా, ఈ ఆగస్టులో మీ డిపార్టుమెంటులో ఎం.ఎస్.లో చేరవలసిన విద్యార్థినిని. నా విద్యార్థి నంబరు పైన ఇచ్చాను. జూలై 14న హైదరాబాదు కాన్సలేటులో నా ఇంటర్వ్యూ జరిగింది. 221(జి) కింద నా దరఖాస్తును అదనపు పరిశీలనలో ఉంచారు. వారడిగిన పత్రాలు జూలై 17న పంపాను. నేటివరకు నిర్ణయం రాలేదు, ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పలేదు. వారిచ్చిన కాగితం నకలు జతపరిచాను. 18వ తేదీకి రాలేకపోవచ్చు. నేను రాగల ఆఖరి తేదీ ఏది? ఆ ప్రకారం ఐ-20 మార్చి ఇవ్వగలరా? అప్పటికీ రాలేకపోతే నా సీటు జనవరికి మార్చడానికి ఏ రోజులోగా అడగాలి? ఆగస్టు 11న మళ్ళీ వ్రాస్తాను."

ఇందులో క్షమాపణలు లేవు, ఇంటి కష్టాలు లేవు. జరిగింది తేదీలతో ఉంది, అడగవలసింది స్పష్టంగా ఉంది. "వచ్చే వారం తప్పక వస్తుంది" అన్న మాట కూడా లేదు. మన చేతిలో లేనిదానికి మాట ఇవ్వకూడదు. డిపార్టుమెంటులో జీతంతో కూడిన పని ఏదైనా ఇచ్చి ఉంటే, ఆ సంగతీ ఒక వాక్యంలో అడగాలి. క్లాసులు మొదలైతే ఆ పనికి మరొకరిని చూసుకోవలసిన అవసరం వారికి ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 221(జి)లో ఉన్న దరఖాస్తుకు కాన్సలేటు వెబ్‌సైటులో Refused అని కనిపిస్తుంది. అది చూసి "వీసా ఇవ్వలేదు" అని వ్రాసేస్తే, వారు ఆ సీటు సంగతి అంతటితో సరి అనుకోవచ్చు. పరిశీలన సాగుతున్నదనే వ్రాయాలి.

జవాబు వచ్చింది: ఆగస్టు 29 దాకా రావచ్చు, ఆ తరువాత వీలుకాదు. ఈ గడువు యూనివర్సిటీని బట్టి మారుతుంది. ఆగస్టు 20న వీసా వస్తే ఆమె ఆ రోజే ఇద్దరికీ తెలిపి, మార్చిన ఐ-20 అందాకనే టిక్కెట్టు కొనాలి. 29లోగా రాకపోతే జనవరికి మార్చమని వెంటనే అడగాలి. అదే సెవిస్ నంబరు మీద తేదీ మార్చితే, ఒకసారి కట్టిన 350 డాలర్ల సెవిస్ రుసుము మళ్ళీ కట్టనక్కరలేదు.

కాన్సలేటును తొందరపెట్టమని డిపార్టుమెంటును బతిమాలి లాభం లేదు. ఆ నిర్ణయం వారి చేతిలో లేదు. వారి చేతిలో ఉన్నవి సీటు, తేదీ. ఆ రెండింటినీ సమయం ఉండగా అడిగితే, వీసా రావడం ఆలస్యమైనా సీటు మిగిలే అవకాశం ఉంటుంది.