లోపలి మాట ఎప్పుడు చెప్పాలి?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి ఫిల్మ్ నగర్ వైపో, కృష్ణానగర్ వైపో వెళ్లే దారుల్లో పరిచయాలు చాలా త్వరగా ముదురుతాయి. ఊరు కొత్త, గది కొత్త. పని దొరికిందంటే రాత్రీ పగలూ అందరూ ఒకచోటే. పది రోజుల షూటింగ్ పదేళ్ల స్నేహంలా అనిపిస్తుంది. ప్యాకప్ అయ్యాక టీ కొట్టు దగ్గర నిలబడితే ఇంట్లో అప్పులు, నాన్న తాగుడు, మధ్యలో ఆగిపోయిన ప్రేమ... అన్నీ ఒక్కసారే బయటికొచ్చేస్తాయి. ఆ రాత్రి గుండె తేలికవుతుంది. మర్నాడు పొద్దున్నే ‘ఎందుకు చెప్పేశానా’ అన్న గుబులు మొదలవుతుంది.

మీరు సినిమాల్లోకి వెళ్లకపోవచ్చు. ఐటీ కంపెనీలోనో, బ్యాంకులోనో చేరొచ్చు. అయినా ఫిల్మ్ నగర్ గురించే ఎందుకు మాట్లాడుకోవాలంటే, అక్కడ స్నేహితుడు, సహోద్యోగి, రేపు మనకు పని ఇప్పించేవాడు ముగ్గురూ చాలాసార్లు ఒకే మనిషి. అసిస్టెంట్ డైరెక్టర్ ఉద్యోగానికి నోటిఫికేషన్ రాదు. ‘కుర్రాడు బాగా చేస్తాడు సార్’ అని ఎవరో ఒకరు చెప్పాలి. అదే నోటితో ‘ఇంట్లో ఏవో గొడవలున్నాయట, మధ్యలో వెళ్లిపోతాడేమో’ అని కూడా చెప్పొచ్చు. అందుకే ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్న అక్కడ అంత పదునుగా ఉంటుంది.

‘ఎవరికీ ఏమీ చెప్పకు’ అనేవాళ్లున్నారు. ‘నిజమైన స్నేహమైతే మొదటిరోజే అంతా చెప్పాలి’ అనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ తప్పేనని నా అభిప్రాయం. లోపలి మాటకు రెండు గీతలుంటాయి. ఎదుటి మనిషిని చిన్న మాటలతో పరీక్షించి చూసేదాకా పెద్ద మాట చెప్పకూడదు. అది మొదటి గీత. మీ పరిస్థితి వాళ్ల నిర్ణయాన్ని మార్చేదైతే, ఆ నిర్ణయం తీసుకునేలోపే చెప్పేయాలి. అది రెండో గీత. సరైన సమయం ఈ రెండింటి మధ్యే ఉంటుంది.

దగ్గరితనం వేరు, నమ్మకం వేరు

అమెరికాలోని ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముక్కూమొహం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. సమయం సుమారు 45 నిమిషాలు. మామూలు కబుర్లు చెప్పుకున్న జంటలతో పోలిస్తే ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకున్నవాళ్లు ఒకరికొకరు ఎక్కువ దగ్గరైనట్టు చెప్పారు. ఈ ప్రశ్నలు తర్వాత ప్రపంచమంతా తిరిగాయి.

అందరికీ గుర్తున్నది ప్రశ్నల లోతు. అందరూ మరిచిపోయింది వాటి వరస. ప్రశ్నలు మూడు భాగాలుగా ఉంటాయి. మొదటి భాగం తేలిక, రెండోది కాస్త లోతు, మూడోదాంట్లోనే అసలు విషయాలు. పైగా ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ జవాబు చెప్పాలి. ఒకరు గంటసేపు చెప్పుకుంటూపోతే రెండోవారు తలూపడం కాదు. మీరొక మెట్టు దిగితే వాళ్లూ ఒక మెట్టు దిగాలి.

అయితే ఇలా పుట్టే దగ్గరితనంతోపాటే విధేయత, కట్టుబడి ఉండటం కూడా వచ్చేస్తాయని అనుకోలేమని ఆ పరిశోధకులే రాశారు. నైట్ షూట్‌లోనూ ఇదే జరుగుతుంది. అలసట, ఒంటరితనం, ఓపిగ్గా వినే మనిషి కలిస్తే దగ్గరితనం గంటలో వచ్చేస్తుంది. నమ్మకం అలా రాదు. మీరు చెప్పింది ఆ మనిషి ఏం చేశాడో కొన్ని వారాలు చూస్తేగానీ తెలియదు.

ఒక అమ్మాయి విషయం చూద్దాం

ఊళ్లో డిగ్రీ చేసి, ఫిల్మ్ నగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్‌గా చేరిన ఓ అమ్మాయిని ఊహించుకోండి. నాన్నకు తాగుడు, ఇంటి మీద అప్పు. నెలనెలా డబ్బు పంపాలి. కాలేజీలో నమ్మిన అబ్బాయి తన మెసేజ్‌లను స్నేహితులకు చూపించాడు. ఆ గాయం ఇంకా మానలేదు. ఇప్పుడు ఆఫీసులో సౌండ్ విభాగంలో పనిచేసే ఒకతను మంచిగా మాట్లాడుతున్నాడు. ఇష్టం పెరుగుతోంది. ఏది ఎప్పుడు చెప్పాలి?

మొదట బయటికి పొక్కినా నష్టం లేని మాట చెప్పాలి. ‘ఈ ఊళ్లో రాత్రిపూట ఒక్కదాన్నే గదికి వెళ్లాలంటే ఇంకా భయమే’ లాంటిది. చెప్పి, రెండు మూడు వారాలు చూడాలి. అతను తన భయం ఒకటైనా చెప్పాడా? నలుగురిలో ‘ఈమెకు చీకటంటే భయం’ అని జోకేశాడా? పని ఆలస్యమైన రోజు ఆ మాట గుర్తుంచుకుని ‘ఎలా వెళ్తావ్?’ అని అడిగాడా? జోకేశాడంటే అక్కడే ఆగిపోవచ్చు. పోయింది చిన్న మాటే కాబట్టి నష్టమూ చిన్నదే. అతను ఇతరుల రహస్యాలు మీకు చెబుతున్నాడా అన్నది కూడా చూడాలి. పక్కవాళ్ల సంగతి మీ దగ్గర చెప్పేవాడు, మీ సంగతి పక్కవాళ్ల దగ్గర చెప్పడా?

తర్వాతి మెట్టు ఇంటి పరిస్థితి. అది కూడా గీసి చూపించినంతే, రంగులు వేయక్కర్లేదు. ‘ఇంట్లో అప్పులున్నాయి, నా జీతంలో కొంత పంపాలి’ అంటే చాలు. నాన్న తాగి ఏం చేశాడన్నది వేరే విషయం. ఎందుకంటే అది ఆమె ఒక్కదాని కథ కాదు. అమ్మ పడిన అవమానం, తమ్ముడు చదువు మానేసిన సంగతి వాళ్లకూ చెందుతాయి. కుటుంబ కష్టం చెప్పేటప్పుడు ‘ఇది నామీద ఎలా పడింది’ అన్నంతవరకు మీ హక్కు. మిగతాది చెప్పేముందు ‘అమ్మ ఇక్కడుంటే ఈ మాట చెప్పనిస్తుందా?’ అని ఒక్కసారి అడుగుకోండి.

పాత గాయం మూడో మెట్టు. దానికి ఇంకో కొలత ఉంది. ఆ సంగతిని ఏడుపు ఆగక మధ్యలో తెగిపోకుండా, మొదటినుంచి చివరిదాకా ఐదు నిమిషాల్లో చెప్పగలిగితే అది చెప్పదగ్గ దశకు వచ్చినట్టే. చెప్పలేకపోతున్నారంటే మీకు ముందు కావాల్సింది కొత్త స్నేహితుడి భుజం కాదు. పాత స్నేహితురాలో, అక్కో, కౌన్సెలరో కావాలి. కొత్తగా పరిచయమైన మనిషికి అంత బరువు ఒక్కసారే ఇస్తే అతను మంచివాడైనా తడబడతాడు. ఆ తడబాటు మనకు తిరస్కారంలా కనిపిస్తుంది. చెప్పేటప్పుడు ‘దీనికి పరిష్కారం చెప్పక్కర్లేదు, వింటే చాలు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి’ అని ముందే అనేయడం మంచిది. అడక్కుండానే అర్థం చేసుకోవాలని ఆశించడం దగ్గరే చాలా స్నేహాలు చెడతాయి.

ఇక్కడ ఫిల్మ్ నగర్‌కే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. స్టోరీ సిట్టింగ్‌లో అందరూ తమ జీవితాల్లోంచే సన్నివేశాలు తీసి చెబుతారు. రాసుకున్న కథను రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకోవచ్చు. టీ తాగుతూ చెప్పుకున్న బాధకు రిజిస్ట్రేషన్ ఉండదు. రేపు అది ఎవరి సినిమాలోనో సీనై కనిపిస్తే అడగడానికి ఆధారం ఉండదు. పని గదిలో చెప్పేది పని కోసమే చెప్పండి. లోపలి మాట గది బయటికొచ్చాకే.

ఆలస్యానికీ హద్దుంది

ఇక రెండో గీత. సమంత సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘యశోద’ విడుదలకు రెండు వారాల ముందు, 2022 అక్టోబర్ చివర్లో, తనకు మయోసైటిస్ ఉందని ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటించారు. వ్యాధి బయటపడింది అంతకు కొన్ని నెలల ముందే. పూర్తిగా తగ్గాక చెబుదామనుకున్నానని, అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పడుతోందని ఆమె చెప్పారు. లోకానికి చెప్పడం, ఒక మనిషికి చెప్పడం ఒకటి కాదు. కానీ ‘అంతా నయమయ్యాక చెబుతా’ అన్న ఆలోచన మనందరిదీ. కొన్ని కష్టాలకు ఆ ‘అయ్యాక’ అనేది ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు గాయం ఉండగానే, చెప్పగలిగినంత చెప్పాలి.

మన ఉదాహరణలోని అమ్మాయికీ అంతే. వాళ్లిద్దరూ పెళ్లి గురించి మాట్లాడుకునే దశకొస్తే, నెలనెలా ఇంటికి పంపాల్సిన డబ్బు, తీరని అప్పు ఇక ఆమె రహస్యాలు కావు. అతని జీవితమూ వాటిమీద ఆధారపడుతుంది. మాట ఖాయమయ్యాక తెలిస్తే అతన్ని కుంగదీసేది అప్పు కాదు, దాచారన్న సంగతి. గది పంచుకునే స్నేహితుడికి అద్దె కట్టలేని పరిస్థితి, అవుట్‌డోర్‌కు కలిసి వెళ్లేవాళ్లకు ఫిట్స్ లాంటి సమస్య కూడా ఇలాంటివే. కానీ పాత ప్రేమలో ఎవరేమన్నారన్న ప్రతి వివరం ఈ లెక్కలోకి రాదు. ఎదుటివాళ్ల నిర్ణయాన్ని మార్చేది చెప్పడం బాధ్యత. మిగిలింది మీ ఇష్టం.

ఈ మెట్ల లెక్క పనికిరాని చోటు కూడా ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపు ఎదురైతే అది మనసు విప్పి చెప్పుకునే ముచ్చట కాదు, ఫిర్యాదు. 2013 చట్టం ప్రకారం మహిళలు ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే మరో 3 నెలల వరకు గడువు పొడిగించవచ్చు. పదిమంది కంటే తక్కువ ఉద్యోగులున్న చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. నమ్మకం కుదిరేదాకా ఆగుదామనుకుంటే గడువు దాటిపోతుంది. అలాగే చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఏ మెట్టూ చూడకండి. పక్కనున్న మనిషికి వెంటనే చెప్పండి, లేదా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది.

మిగతా అన్ని సందర్భాల్లో, గొంతుదాకా వచ్చిన మాటను ఒక్క రాత్రి ఆపి చూడండి. టీ కొట్టు దగ్గర రాత్రి పదకొండింటికి చెప్పాలనిపించిన సంగతి, మర్నాడు టిఫిన్ వేళకు కూడా అదే మనిషికి చెప్పాలనిపిస్తే చెప్పండి. అనిపించకపోతే రాత్రి మీకు కావాల్సింది ఆ మనిషి కాదు, ఎవరో ఒకరు.