శాతం సరే, దేని మీద?

వ్యాపారి మన దగ్గర టమాటా కిలో 20 రూపాయలకు కొని 30కి అమ్మాడనుకుందాం. మధ్యలో మిగిలింది 10 రూపాయలు. ఆ పది, కొన్న ధర 20 మీద 50 శాతం. దీన్ని మార్కప్ అంటారు. అమ్మిన ధర 30 మీద చూస్తే 33 శాతమే. ఇది మార్జిన్.

"మా మార్జిన్ 33 శాతమే" అని వ్యాపారి అంటే అబద్ధం కాదు. రైతుకిచ్చిన ధరకు సగం కలిపి అమ్మాడన్నదీ నిజమే. హమాలీ, రవాణా, కుళ్లిన సరుకు నష్టం ఆ పదిలోంచే పోవాలి గనుక అదంతా లాభం కాదు.

మన రైతు సంఘాలు సొంతంగా సరుకు అమ్మేటప్పుడు దెబ్బతినేది ఇక్కడే. 33 శాతం మార్జిన్ కావాలని 20కి 33 శాతం కలిపి 26.60కి అమ్మితే మిగిలేది 6.60. అమ్మిన ధరలో అది 25 శాతం కూడా లేదు. అమ్మకంలో మూడో వంతు మిగలాలంటే కొన్న ధరకు సగం కలపాల్సిందే.

మద్దతు ధరకు స్వామినాథన్ కమిషన్ చెప్పిన 50 శాతం కూడా సాగు ఖర్చు మీద లెక్కే. ఎవరు శాతం చెప్పినా ముందు అడగండి: కొన్న ధర మీదా, అమ్మిన ధర మీదా?