అరువు ఎప్పుడు ఆపాలి?

గుంటూరులో కారం మిల్లు నడుపుతున్న నా పూర్వ విద్యార్థి ఒకరు ఇటీవల అడిగారు: “హజ్రత్, ఒంగోలు కిరాణా వర్తకుడొకాయన బాకీ పెరిగిపోతోంది. సరుకు ఆపితే పాపమా?”

“ముందు ఖాతా తియ్యి నాయనా” అన్నాను.

పదిహేను రోజులకొకసారి 25,000 రూపాయల కారం, 30 రోజుల గడువు. ఇదీ ఒప్పందం. సక్రమంగా చెల్లించేవారి వద్ద రెండు బిల్లులకు, అనగా 50,000కు మించి బాకీ నిలవదు. ఇక్కడ ఏడు బిల్లుల సరుకు వెళ్లింది. ఐదు వేలు, పది వేలు చొప్పున వచ్చింది 50,000 మాత్రమే. అప్పుడప్పుడూ ఎంతోకొంత అందుతున్నందున ప్రమాదం కనిపించలేదు.

వచ్చిన సొమ్మును పాత బిల్లులకే ముందుగా జమకట్టించి, మిగిలిన ప్రతి బిల్లు వయస్సు రాయించాను. మొత్తం బాకీ 1,25,000. మూడవ బిల్లుకు గడువు దాటి 30 రోజులు, నాల్గవదానికి 15 రోజులు. ఐదవదాని గడువు ఆనాటితో తీరింది. చివరి రెండింటికి గడువు ఉంది. ఒక్కొక్క బిల్లుపై లాభం 2,500 అయితే, ఈ ఐదు బిల్లుల అసలు 1,12,500 మునిగిన పక్షంలో దాన్ని పూడ్చుకోవడానికి మరో 45 బిల్లుల వ్యాపారం చేయాలి. అంటే దాదాపు రెండేళ్ల శ్రమ! పైగా మిరప సీజనులో సరుకు కొని శీతల గిడ్డంగిలో నిల్వ చేయాలంటే రైతుకు నగదు ఇవ్వాలి కదా.

ఆలస్యానికి వడ్డీ కట్టడం మనకు నిషిద్ధం. కనుక మన చేతిలో ఉన్నవి రెండే: వ్రాత, సరఫరా. అప్పును వ్రాసుకోమని బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తుంది. ఇబ్బందుల్లో ఉన్నవానికి వ్యవధి ఇవ్వమని 280వ ఆయత్ చెబుతుంది. అయితే ఆ వ్యవధి పాత బాకీకి సంబంధించినది. కొత్త సరుకు ఇవ్వడం కొత్త ఒప్పందం. దానికి మనం బద్ధులం కాము. స్తోమత ఉండీ జాప్యం చేయడాన్ని దైవప్రవక్త (స) అన్యాయమన్నారు.

స్తోమత ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మరో మిల్లు వద్ద నగదుకు కొంటున్నా, సొమ్ము అడిగినప్పుడే నాణ్యతలో లోపం ఎత్తి చూపినా, బాకీ కాగితంపై సంతకానికి వెనుకాడినా అనుమానించాలి. నిజంగా నష్టపోయినవాడు సాధారణంగా లెక్క దాచడు.

చివరికి ఇలా నిర్ణయించాము. ఏ బిల్లయినా గడువు దాటి 30 రోజులైతే అరువు ఆగుతుంది. నగదుకు మాత్రమే సరుకు. పాత బాకీకి వాయిదాలు వ్రాసి సంతకం తీసుకోవాలి. వ్రాతపూర్వక అంగీకారం లేకుండా మూడేళ్లు గడిస్తే కోర్టులో దావాకు సాధారణంగా కాలదోషం పడుతుంది. ఈ నియమాన్ని సరుకు ఆపిన రోజున కాదు, తొలి బిల్లునాడే కొనుగోలుదారునికి తెలియజేయాలి. అప్పుడు ఆపడం అవమానం కాదు, ముందుగా ఒప్పుకున్న షరతు అవుతుంది.